మారథాన్ రన్నర్ రోజు లెక్క: బీఎంఆర్, పరుగు ఖర్చు, టీడీఈఈ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద లాంగ్ రన్ ముగించి, సీతానగరం వైపు కూర్చుని నీళ్ళు తాగుతున్నప్పుడు ప్రతివారం ఇవే సందేహాలు వస్తాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న దగ్గర తెరిచినా జవాబు అక్కడే పూర్తిగా దొరుకుతుంది.

లెక్కలకు ఉదాహరణగా మా బృందంలోని ఒక తమ్ముణ్ణి తీసుకున్నాను. వయసు 36, బరువు 66 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు. ఆటోనగర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తాడు, అంటే పగలంతా కుర్చీలోనే. ఫుల్ మారథాన్ కోసం వారానికి 64 కిలోమీటర్లు పరిగెడుతున్నాడు: మంగళవారం 10, బుధవారం 8, గురువారం 12, శనివారం 8, ఆదివారం 26. సోమ, శుక్రవారాలు విశ్రాంతి. క్యాలరీ అని రాసిన ప్రతిచోటా కిలో క్యాలరీ అనే అర్థం, తిండి ప్యాకెట్ల మీద ఉండేది అదే.

## మొదటి మెట్టు: బీఎంఆర్

బీఎంఆర్ అంటే రోజంతా మంచం మీద పడుకున్నా ఖర్చయ్యేదేనా?

దాదాపు అంతే, కానీ ఇంకాస్త తక్కువ. గుండె కొట్టుకోవడం, ఊపిరి, మెదడు, కాలేయం, మూత్రపిండాల పని, ఒంటి వేడి నిలబెట్టుకోవడం, వీటికి మాత్రమే అయ్యే ఖర్చు బీఎంఆర్. దాన్ని కొలవాలంటే రాత్రి తిన్నది పూర్తిగా అరిగి ఉండాలి, అప్పుడే నిద్రలేచి కదలకుండా పడుకోవాలి, గది మరీ వేడిగానో చల్లగానో ఉండకూడదు. మంచం మీదే ఉన్నా టిఫిన్ తింటే అరుగుదలకు కొంత ఖర్చవుతుంది, ఫోన్ చూస్తూ అటూఇటూ దొర్లితే ఇంకొంత. అవి బీఎంఆర్‌లోకి రావు.

రన్నర్లు ఇక్కడ ఒకటి గట్టిగా పట్టుకోవాలి. బీఎంఆర్ మీరు పరిగెడుతున్నప్పుడు ఆగిపోదు. అది 24 గంటలూ నడిచే మీటరు. పరుగు ఖర్చు దాని పైన ఎక్కుతుంది. ఈ పేజీలో చెప్పబోయే తప్పుల్లో సగం ఈ మీటరును రెండుసార్లు లెక్కపెట్టడం వల్లే వస్తాయి.

నా బీఎంఆర్ ఇంట్లోనే ఎలా కట్టుకోవాలి? ఎంతవరకు నమ్మొచ్చు?

1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రం చాలు. బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసుకు 5 రెట్లు తీసెయ్యాలి. చివర్లో మగవాళ్ళు 5 కలపాలి, ఆడవాళ్ళు 161 తీసెయ్యాలి. 36 ఏళ్ళ, 66 కిలోల, 170 సెంటీమీటర్ల మగమనిషికి ఇలా వస్తుంది:

```
10 × 66 + 6.25 × 170 − 5 × 36 + 5 = 1547.5
```

1,550 అనుకుందాం. గంటకు సుమారు 65 క్యాలరీలు. నిక్కచ్చిగా చెప్పాలంటే ఈ సూత్రం ఇచ్చేది విశ్రాంతి ఖర్చు, అది అసలు బీఎంఆర్ కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. రోజువారీ లెక్కకు ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

నమ్మకం మాటకొస్తే, చాలామందికి ఇది పది శాతం అటూఇటూగా సరిపోతుంది. అంటే ఇతని అసలు అంకె 1,400 దగ్గరా ఉండొచ్చు, 1,700 దగ్గరా ఉండొచ్చు. మనవాళ్ళ మీద చేసిన కొలతల్లో పాశ్చాత్య సూత్రాలు అసలు కంటే ఎక్కువ చూపించిన సందర్భాలు ఉన్నాయి. అందుకని దీన్ని మొదటి అంచనాగా తీసుకోండి, తుది తీర్పుగా కాదు.

పరుగు మొదలుపెట్టాక బీఎంఆర్ బాగా పెరుగుతుందంటారు, నిజమేనా?

బాగా పెరగదు. ఒక కిలో కండ విశ్రాంతిలో రోజుకు ఖర్చు పెట్టేది సుమారు 13 క్యాలరీలే. మారథాన్ శిక్షణలో రెండు కిలోల కండ పెరిగిందనుకున్నా, అది ఒక బిస్కెట్ పాటి. పైగా బరువు తగ్గితే బీఎంఆర్ కొంచెం దిగుతుంది కూడా. పెరిగేది పరుగు ఖర్చు, బీఎంఆర్ కాదు.

## రెండో మెట్టు: పరుగు ఖర్చు

26 కిలోమీటర్లు పరిగెడితే అసలు ఎన్ని క్యాలరీలు పోతాయి?

చదునైన దారిలో ఒక కిలో బరువును ఒక కిలోమీటరు పరిగెత్తించడానికి సుమారు ఒక క్యాలరీ. బ్యారేజీ మీదా, బందరు రోడ్డు మీదా ఈ లెక్క చక్కగా నప్పుతుంది. ఫ్లైఓవర్లు, కొండ దారులు ఎక్కేటప్పుడు ఖర్చు పెరుగుతుంది, దిగేటప్పుడు కొంతే తిరిగొస్తుంది.

66 కిలోల మనిషి 26 కిలోమీటర్లకు 66 × 26 = 1,716. ఇది స్థూల ఖర్చు. ఆ పరుగు సమయంలో ఒంట్లో జరిగిన ఖర్చంతా ఇందులో ఉంది, బీఎంఆర్ వాటాతో సహా. కిలోమీటరుకు ఆరుంపావు నిమిషాల చొప్పున అతనికి పట్టింది 2 గంటల 42 నిమిషాలు. అంతసేపు ఇంట్లో నిద్రపోయినా గంటకు 65 లెక్కన 175 ఎలాగూ పోయేవి. ఆ 175 తీసేస్తే 1,541. పరుగు వల్ల అదనంగా పోయింది ఇదే, దీన్ని నికర ఖర్చు అందాం. కిలోమీటరుకు చూస్తే స్థూలంగా 66, నికరంగా 59.

రోజు లెక్కలో కలపాల్సింది నికర ఖర్చు. ఒక్క పరుగుకు తేడా 175 అంటే చిన్నదిగానే కనిపిస్తుంది. వారానికి 64 కిలోమీటర్ల మీద అది 430 దాటుతుంది.

స్పీడ్ పెంచితే కిలోమీటరుకు ఎక్కువ కరుగుతుందా?

పరుగులో ఉన్నంతవరకు చాలా తక్కువ తేడా. వేగం పెరిగితే నిమిషానికి ఖర్చు పెరుగుతుంది, కానీ కిలోమీటరు త్వరగా అయిపోతుంది. రెండూ సర్దుకుపోతాయి. 10 కిలోమీటర్లు గంటలో కొట్టినా, గంటా పది నిమిషాల్లో కొట్టినా 66 కిలోల మనిషికి నికరంగా 590 దరిదాపుల్లోనే ఉంటుంది.

నడక వేరు. మామూలు నడకలో కిలోమీటరుకు నికర ఖర్చు పరుగులో దాదాపు సగమే. లాంగ్ రన్ చివర్లో ఆరు కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చినవాళ్ళు మొత్తం దూరాన్ని పరుగుగా రాసుకోకూడదు.

మే నెలలో బనీను పిండితే నీళ్ళు కారతాయి. అప్పుడు ఎక్కువ క్యాలరీలు పోతున్నట్టేగా?

పోయేది నీళ్ళు, ఉప్పు. కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. అదే పేస్‌కు జనవరిలో నాడి 145 ఉన్నవాళ్ళకు మేలో 160 కనిపించడం మామూలే. ఆ పెరిగిన దెబ్బల్లో ఎక్కువ భాగం రక్తాన్ని చర్మం దాకా పంపడానికి. కాళ్ళు చేసే పని మారలేదు కాబట్టి శక్తి ఖర్చు కొద్దిగానే పెరుగుతుంది.

మా తమ్ముడు ఒక మే ఆదివారం పరుగుకు ముందు 66.2 కిలోలు, వచ్చాక 64.1 తూగాడు. రెండు కిలోలు కరిగాయని ఇంట్లో సంతోషపడ్డారు. ఆ రోజు నికరంగా పోయిన 1,541 క్యాలరీలూ కొవ్వు నుంచే వచ్చాయనుకున్నా, కిలో ఒంటి కొవ్వుకు 7,700 లెక్కన 200 గ్రాములే. నిజానికి అందులో సగం పైన కండల్లో దాచుకున్న పిండిపదార్థం. మిగతా బరువంతా నీళ్ళు, మంగళవారానికి తిరిగొచ్చేసింది.

నా వాచీ 1,930 చూపించింది, మీరు 1,541 అంటున్నారు. ఎవరు తప్పు?

ముందు వాచీలో మీ బరువు ఎంత పెట్టి ఉందో చూడండి. మా తమ్ముడి వాచీలో కొన్ననాటి బరువు 74 కిలోలు అలాగే ఉండిపోయింది. 74 × 26 = 1,924. వాచీ చూపించిన అంకె దాదాపు అదే. బరువు 66కు మార్చాక, వారం తర్వాత అదే దారిలో అదే దూరానికి 1,740 చూపించింది.

ఆ 1,740లో కూడా విశ్రాంతి వాటా కలిసి ఉంది. కొన్ని వాచీలు యాక్టివ్ క్యాలరీలని, టోటల్ క్యాలరీలని విడిగా చూపిస్తాయి. యాక్టివ్ అన్నది నికరానికి దగ్గర, టోటల్ అన్నది స్థూలం. ఒకే అంకె చూపిస్తే అది స్థూలమేమో అని అనుమానించి, పరుగుకు పట్టిన గంటలను మీ గంట బీఎంఆర్‌తో గుణించి తీసెయ్యండి. వేసవిలో నాడిని బట్టి లెక్కకట్టే వాచీలు ఇంకొంచెం పైకి చూపిస్తాయి, చెమట పట్టి పట్టీ జారినప్పుడు నాడి కొలతే తప్పుతుంది. దూరాన్ని నమ్మండి, దాన్ని బరువుతో గుణించుకోండి.

## మూడో మెట్టు: టీడీఈఈ

బీఎంఆర్‌ను 1.725తో గుణించాను. పరుగు క్యాలరీలు మళ్ళీ దాని మీద కలపాలా?

వద్దు. అందరూ జారిపడేది ఇక్కడే, కాబట్టి అంకెలు వేసి చూద్దాం.

టీడీఈఈ అంటే రోజు మొత్తం ఖర్చు. దాన్ని కట్టడానికి రెండు దారులున్నాయి. మొదటి దారిలో బీఎంఆర్‌ను ఒక గుణకంతో గుణిస్తారు. బాగా వ్యాయామం చేసేవాళ్ళకు వాడే 1.725లో వాళ్ళ వ్యాయామం ముందే కలిసి ఉంది. 1,550 × 1.725 = 2,674. రెండో దారిలో పరుగును పక్కన పెట్టి, మిగతా జీవితానికి మాత్రమే గుణకం వేస్తారు. కుర్చీ ఉద్యోగానికి 1.4 అనుకుంటే 1,550 × 1.4 = 2,170. ఆఫీసు మెట్లు, స్నానం, బజారు, తిన్నది అరగడానికి అయ్యే పదో వంతు, అన్నీ ఇందులో వచ్చేశాయి. ఆ తర్వాత ఆ రోజు పరుగు నికర ఖర్చును విడిగా కలుపుతారు.

రెండో దారిలో వారం మొత్తం వేస్తే, 2,170 × 7 = 15,190. పరుగు 64 × 59 = 3,776. కలిపితే 18,966, రోజుకు సగటున 2,710. మొదటి దారి ఇచ్చిన 2,674కూ దీనికీ తేడా 36 క్యాలరీలే. రెండు దారులూ ఒకే ఊరికి చేరాయి.

ఇప్పుడు రెండు దారులూ కలిపేసినవాళ్ళ సంగతి చూడండి. ఆదివారం 2,674 రాసుకుని, దాని మీద పరుగు స్థూల ఖర్చు 1,716 కలిపి, 4,390 తినొచ్చు అనుకుంటారు. ఆ రోజు అసలు ఖర్చు 2,170 + 1,541 = 3,711. దాదాపు 680 ఎక్కువ. వారమంతా ఇలాగే లెక్కేస్తే రోజుకు సగటున 570 అదనం, నెలకు కాగితం మీద రెండు కిలోలు. మారథాన్ శిక్షణలో బరువు పెరిగిపోతున్నానని బెంగపడేవాళ్ళలో చాలామందిది ఇదే కథ. వాళ్ళ ఒంట్లో లోపమేమీ లేదు, పరుగును రెండుసార్లు, బీఎంఆర్‌ను రెండుసార్లు రాసుకున్నారంతే.

నా సలహా రెండో దారి. మారథాన్ రన్నర్ వారంలో అన్ని రోజులూ ఒకలా ఉండవు, ఒకే గుణకం ఆ ఎగుడుదిగుళ్ళను కప్పేస్తుంది.

విశ్రాంతి రోజూ లాంగ్ రన్ రోజూ ఒకేలా తినాలా?

66 కిలోల మనిషికి సోమవారం 2,170, 10 కిలోమీటర్ల మంగళవారం 2,760, 26 కిలోమీటర్ల ఆదివారం 3,700. విశ్రాంతి రోజుకూ ఆదివారానికీ 1,500 పైన తేడా. అంత తేడాను పళ్ళెంలో అచ్చంగా చూపించనక్కర్లేదు. శనివారం రాత్రి, ఆదివారం, సోమవారం మధ్యాహ్నం దాకా పంచుకుంటే పొట్టకూ హాయి, కండలు నిండడానికీ సమయం దొరుకుతుంది.

అంకెను తిండిగా చూడాలంటే, 100 గ్రాముల పొడి బియ్యం సుమారు 350 క్యాలరీలు. ఆదివారం అదనంగా కావాల్సిన 1,500లో మూడో వంతు పరుగుకు ముందూ మధ్యలోనూ అరటిపళ్ళు, బెల్లం నీళ్ళతో వెళ్ళిపోతుంది. మిగతాది ఒక పెద్ద టిఫినూ, రెండు పూటలా ఇంకో గరిటెడు అన్నమూ పప్పూ.

పొద్దున్నే పరిగెత్తి పగలంతా పడుకుంటున్నాను. లెక్క మారుతుందా?

మారుతుంది, చాలామంది దీన్ని మర్చిపోతారు. లాంగ్ రన్ రోజు సోఫా దిగకపోతే, పరుగు కాక మిగతా జీవితపు గుణకం 1.4 నుంచి 1.25కు పడిపోవచ్చు. 1,550 బీఎంఆర్ మీద అది 230 క్యాలరీల కోత, అంటే నాలుగు కిలోమీటర్ల పరుగు వెనక్కి పోయినట్టు.

శరీరం ఇలా ఒకచోట ఖర్చు పెరిగితే ఇంకోచోట తగ్గించుకోవడం మామూలే. టాంజానియాలో రోజంతా వేటకూ దుంపలకూ తిరిగే హద్జా తెగవాళ్ళ మొత్తం ఖర్చును హెర్మన్ పాంట్జర్ బృందం కొలిచి 2012లో ప్రచురించింది. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే అది నగరాల్లో కూర్చుని పనిచేసేవాళ్ళ ఖర్చుకు పెద్ద తేడాగా లేదు. అందుకే వారానికి 64 కిలోమీటర్ల ఖర్చు కాగితం మీద వచ్చినంతా టీడీఈఈలో కనిపించకపోవచ్చు.

## నాలుగో మెట్టు: సరిచూసుకోవడం

ఈ లెక్క నా ఒంటికి సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

నాలుగు వారాలు రెండు పనులు చెయ్యండి. రోజూ పొద్దున బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు బరువు చూసి రాయండి. తిన్నదంతా రాయండి. మొదటి వారం సగటు బరువునూ ఆఖరి వారం సగటునూ పోల్చండి, ఒక్క రోజు అంకెను కాదు. లాంగ్ రన్ మర్నాడు నీళ్ళ వల్ల కిలో అటూఇటూ ఊగుతుంది.

మా తమ్ముడు మొదటిసారి రాసినప్పుడు రోజుకు సగటు 2,250 తేలింది, బరువు మాత్రం దాదాపు కదల్లేదు. అంచనా 2,710 కదా, 460 ఎక్కడికి పోయాయి? వాళ్ళమ్మగారితో కూర్చుని పళ్ళెం మళ్ళీ చూశాం. గోంగూర పచ్చడి అని రాశాడు, అందులో తేలే నూనె రాయలేదు. పప్పన్నంలో నెయ్యి అని రాశాడు, ఒక చెంచా అనుకున్నాడు. ఆవిడ గిన్నె నుంచి వంచేది మూడు చెంచాలకు తక్కువ లేదు. టీస్పూను నెయ్యి 45 క్యాలరీలు, టేబుల్‌స్పూను నూనె 120. రెండు పూటలకు అవే 300 దాటాయి.

రెండోసారి బియ్యం, నూనె, నెయ్యి వంటింటి త్రాసు మీద తూచి రాశాడు. సగటు 2,500 వచ్చింది, 28 రోజుల్లో 0.6 కిలో తగ్గాడు. 0.6 × 7,700 = 4,620, రోజుకు 165. 2,500కు అది కలిపితే అతని అసలు టీడీఈఈ 2,665. సూత్రం చెప్పిన 2,710తో పోలిస్తే 45 తేడా. ఇంత దగ్గరగా రావడం అదృష్టమే. మీకు 200, 300 తేడా వస్తే సూత్రాన్ని వదిలి మీ త్రాసు చెప్పిన అంకెనే వాడుకోండి.

బరువు తగ్గాలి. బీఎంఆర్ ఎంతో అంతే తింటే చాలా?

శిక్షణలో ఉన్నప్పుడు అలా చెయ్యకండి. 1,550 తిని 10 కిలోమీటర్లు పరిగెడితే 590 పరుగుకే పోతాయి. గుండె, కాలేయం, ఎముక, హార్మోన్లకు మిగిలేది 960. ఇతనికి కొవ్వు 18 శాతం అనుకుంటే కొవ్వు కాని బరువు 54 కిలోలు. 960ని 54తో భాగిస్తే కిలోకు 18. ఇది 30 కిందికి రోజుల తరబడి ఉంటే ఎముకలు బలహీనపడటం, మానని నొప్పులు, నిద్ర పట్టకపోవడం, పేస్ పడిపోవడం మొదలవుతాయి. ఆ 30 అనే గీత ఎక్కువగా ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనాల నుంచి వచ్చింది, మగవాళ్ళకు అది అంత స్పష్టమైన గీత కాదు. అయినా 18 ఎవరికైనా తక్కువే.

2,710 సగటు ఖర్చు ఉన్నవాళ్ళు రోజుకు 350 తగ్గించి 2,360 తింటే ఆ అంకె 34 దగ్గర నిలుస్తుంది, వారానికి 300 గ్రాములు తగ్గుతారు. తగ్గించేది కూడా విశ్రాంతి రోజుల్లో, చిన్న పరుగు రోజుల్లో. ఆదివారం జోలికి వెళ్ళకండి.

నేను ఆడమనిషిని, 55 కిలోలు. రోజుకు 1,500 తింటున్నాను, సరిపోతుందా?

వయసు 32, ఎత్తు 158 అనుకుంటే బీఎంఆర్ 1,217. కుర్చీ ఉద్యోగానికి 1.4 వేస్తే 1,700. 10 కిలోమీటర్ల పరుగు నికరంగా 490, మొత్తం 2,190. కొవ్వు 25 శాతం అయితే కొవ్వు కాని బరువు 41 కిలోలు. 1,500లో 490 పోగా మిగిలిన 1,010ని 41తో భాగిస్తే 25 కంటే తక్కువ. 30 అందాలంటే ఆ రోజు కనీసం 1,720 తినాలి, అదీ గీత మీద నిలబడటానికే.

నెలసరి ఆలస్యమవడం, రెండు మూడు నెలలు రాకపోవడం "పరుగు వల్ల మామూలే" అని వదిలెయ్యకండి అమ్మా. శక్తి చాలడం లేదని ఒళ్ళు చెప్పే మొదటి మాట అదే కావచ్చు. కారణం ఇదేనా ఇంకోటా అన్నది డాక్టర్ చూసి చెప్పాలి. ఈలోగా దూరం తగ్గించి, తిండి పెంచండి.

మారథాన్ రోజు 4,660 క్యాలరీలు పోతాయట. అంతా ఆ రోజే తినెయ్యాలా?

42.195 కిలోమీటర్లకు 66 కిలోల మనిషికి నికరంగా 2,490, మిగతా రోజు 2,170, మొత్తం 4,660. అంతా ఆ రోజే తినడం కుదరదు, అక్కర్లేదు కూడా. ముందు రెండు రోజుల్లో అన్నం, ఇడ్లీ, బంగాళదుంపలతో కండలూ కాలేయమూ నింపుకున్న పిండిపదార్థం, ఒంటి కొవ్వు కలిసి పెద్ద భాగం భరిస్తాయి. దారిలో గంటకు 45 గ్రాముల పిండిపదార్థం చొప్పున నాలుగున్నర గంటలకు సుమారు 200 గ్రాములు, అంటే 800 క్యాలరీలు. ఇంతకంటే ఎక్కువ, లాంగ్ రన్‌లలో అలవాటు చేసుకోకుండా పోస్తే కడుపు తిప్పేస్తుంది.

ముగించాక మొదటి రెండు మూడు గంటలు చాలామందికి ఆకలే ఉండదు. ఆ సమయంలో ఉప్పు వేసిన మజ్జిగ, పెరుగన్నం లాంటివి కొద్దికొద్దిగా దించండి. అసలు ఆకలి మర్నాడు మధ్యాహ్నం వస్తుంది. ఆ రోజు పరుగు లేదు కదా అని 2,170 దగ్గర చెయ్యి కడుక్కోకండి, ఆకలి తీరేదాకా తినండి.